క్లీన్ లైబ్రరీ అంటే ఏ లైబ్రరీ?

“అన్నా, నా గ్రాడ్యుయేషన్ ఫోటో పంపిస్తున్నా. వెనక షామియానా తీసేసి క్లీన్‌గా లైబ్రరీ బ్యాక్‌గ్రౌండ్ పెట్టండి. 12×18 సైజు, ఫ్రేమ్ కట్టించాలి. ఆదివారానికి కావాలి.”

కాలేజీ చదువు పూర్తయిన ఒక అమ్మాయి తన ఊళ్ళోని ఫోటో స్టూడియోకి వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ ఇది అనుకుందాం. కాన్వొకేషన్ రోజుల్లో ఇలాంటివి ప్రతి స్టూడియోకీ వస్తాయి. మెసేజ్ కింద ఫోటో ఉంది. నల్ల గౌను, నెత్తిన నలుపలకల టోపీ, చేతిలో చుట్టిన పట్టా. అమ్మాయి ముఖం నిండా నవ్వు. వెనకేమో ఎర్రటి షామియానా గుడ్డ, ఒకదానిమీద ఒకటి పేర్చిన ప్లాస్టిక్ కుర్చీలు, అంచున ఎవరిదో మోచెయ్యి.

ఇందులో ఆమె అడిగిందేమీ తప్పు కాదు. ఇంట్లో ముందుగదిలో ఏళ్ల తరబడి వేలాడే ఫోటో అది. చదువు అనగానే పుస్తకాలు గుర్తొస్తాయి గనక వెనక పుస్తకాల అల్మరాలు ఉండాలనుకుంటారు. ఒకప్పుడు స్టూడియోల్లో గుడ్డ మీద రంగులతో వేసిన తెరలుండేవి. మెట్లు, స్తంభాలు, తోట, తాజ్‌మహల్... ఎవరికి నచ్చిన తెర ముందు వాళ్లు నిలబడేవారు. ఇప్పుడు మనిషి ముందొచ్చి, తెర తర్వాత వస్తోంది. చిక్కంతా అక్కడే ఉంది. తెర ముందు నిలబడినప్పుడు మనిషి మీదా తెర మీదా పడేది ఒకటే వెలుగు. షామియానా కింద తీసిన మనిషిని తీసుకెళ్లి లైబ్రరీలో పెడితే రెండు వెలుగులు కలవాలి.

స్టూడియో ఆయన మొదట అడిగే ప్రశ్న ఒకటే: “క్లీన్ అంటే ఎలా అమ్మా?” అమ్మాయి దృష్టిలో క్లీన్ అంటే మనుషులు, బల్లలు, ఫ్యాన్లు, ట్యూబులైట్లు కనపడకూడదు. అల్మరాలు మాత్రం ఉండాలి. ఆయన అలవాటులో క్లీన్ అంటే వెనకంతా మసకగా, పుస్తకాలు రంగు మచ్చల్లా కనిపించడం. వాళ్ల నాన్న మనసులో ఉన్నది పుస్తకాల పేర్లు కూడా చదవగలిగేంత స్పష్టత. ఒకే మాటకు మూడు బొమ్మలు. పని మొదలయ్యాక ఇది తేలితే, చేసిందంతా తీసేసి మళ్లీ చెయ్యాల్సిందే. అందుకే నచ్చిన బ్యాక్‌గ్రౌండ్ ఫోటో ఒకటి మెసేజ్‌తోపాటే పంపడం మేలు. గూగుల్‌లో దొరికింది పంపినా ఫర్వాలేదు, నమూనాగా పనికొస్తుంది. ప్రింటుకు మాత్రం అదే వాడకూడదు. అది వేరొకరు తీసిన ఫోటో, పైగా చాలాసార్లు మరీ చిన్నది.

చిన్నది అంటే ఎంత? అమ్మాయి పంపిన ఫోటోనే చూద్దాం. వాట్సాప్ మామూలుగా ఫోటోను కుదించి పంపుతుంది. స్టూడియోకి చేరింది 1200×1600 పిక్సెల్స్. 12 అంగుళాల వెడల్పుకు పరిస్తే అంగుళానికి 100 చుక్కలే వస్తాయి. చేతిలో పట్టుకుని చూసే మంచి ప్రింటుకు 300 కావాలంటారు, గోడమీది ఫోటోకు 200 దాటినా బాగానే ఉంటుంది. 100 దగ్గర కనురెప్పలు అలుక్కుపోతాయి, నుదుటి మీద జుట్టు ముద్దగా కనిపిస్తుంది. ఫోటో తీసిన స్నేహితురాలి ఫోన్లో అసలు ఫైలు 3000×4000 ఉంది. దాన్నే వాట్సాప్‌లో ‘డాక్యుమెంట్’గా పంపితే కుదించకుండా వెళుతుంది, అంగుళానికి 250 వస్తాయి. ఏ ఫిల్టరూ ఇవ్వలేని తేడా ఈ ఒక్క పనితో వస్తుంది.

ఇక అసలు పని. మనిషిని ఫోటోలోంచి కత్తిరించడం ఇప్పుడు నిమిషాల్లో అవుతుంది. కష్టమంతా అంచుల దగ్గర. నల్ల గౌను భుజం ముదురు గోధుమరంగు అల్మరా మీద పడితే రెండూ కలిసిపోయి, తల గాల్లో తేలుతున్నట్టుంటుంది. అలాంటప్పుడు భుజం వెనక కాస్త లేత రంగు, ఓ కిటికీయో వెలుగున్న వరుసో వచ్చేలా లైబ్రరీని జరపాలి. 2019లో యూజీసీ కాన్వొకేషన్ దుస్తులకు చేనేత వస్త్రాలు వాడమని యూనివర్సిటీలకు రాసింది. లేతరంగు నేత బట్టలో తీసిన ఫోటోలకు ఈ బాధ ఉండదు, అల్మరాల ముందు మనిషి విడిగా తేలుతుంది. అందుకే గౌను రంగు చూడకుండా బ్యాక్‌గ్రౌండ్ ఎంచకూడదు.

రెండో సంగతి షామియానాది. ఎర్ర గుడ్డ మీంచి వచ్చిన వెలుగు అమ్మాయి చెంప మీద, తెల్ల కాలరు మీద ఎర్రగా పడింది. షామియానా ఉన్నంతసేపూ కన్ను దాన్ని పట్టించుకోదు. గుడ్డ తీసేసి లైబ్రరీ పెట్టగానే ఆ ఎరుపు ఎక్కడిదో తెలియక ముఖం కందినట్టు కనిపిస్తుంది. చేయి తిరిగిన వాళ్లు ముందు కాలరును తెల్లగా తెచ్చి, ఆ లెక్కన చెంపను సరిచేస్తారు. ముఖమంతా తెల్లగా రుద్దేస్తే మాత్రం ఆ అమ్మాయి ఆ అమ్మాయిలా ఉండదు. ఒంటి రంగు మార్చొద్దని మెసేజ్‌లోనే రాసెయ్యాలి.

వెలుగు ఏ వైపు నుంచి వస్తోందో చెప్పేది ముక్కు నీడ. ఈ ఫోటోలో నీడ మనకు ఎడమవైపు పడింది, అంటే వెలుగు కుడినుంచి వచ్చింది. ఎంచుకున్న లైబ్రరీలో కిటికీ ఎడమవైపు ఉంటే ఎంత నేర్పుగా అతికించినా చూసేవాళ్లకు ఏదో తేడాగా అనిపిస్తుంది. కొందరు మనిషిని అద్దంలోలా తిప్పేస్తారు. అప్పుడు చీర కట్టుకున్న అమ్మాయి పైట కుడి భుజం మీదికి వెళ్తుంది, కండువా మీది కాలేజీ పేరు తిరగబడుతుంది. తిప్పాల్సింది లైబ్రరీని. అందులో పుస్తకాల పేర్లు చదవగలిగేలా ఉంటే అదీ కుదరదు. కాబట్టి కొంచెం మసక బ్యాక్‌గ్రౌండే మంచిదని వాళ్ల నాన్నగారికి నచ్చజెప్పవచ్చు.

చాలామంది మరిచేది ఎత్తు. లైబ్రరీ ఫోటోలో దూరంగా సాగే అరల గీతల్ని వేలితో పొడిగిస్తూ పోతే అన్నీ ఒకచోట కలుస్తాయి. ఆ ఫోటో తీసిన కెమెరా అంత ఎత్తులో ఉందన్నమాట. అమ్మాయిని కళ్లకు ఎదురుగా తీసి ఉంటే, ఆ చోటు ఆమె కళ్ల ఎత్తులోనే రావాలి. నడుము దగ్గర కలిస్తే ఆమె అల్మరాలను మించిన మనిషిలా ఉంటుంది. నెత్తికి పైన కలిస్తే చిన్నపిల్లలా ఉంటుంది.

ఇవన్నీ మెసేజ్‌లో రాయక్కర్లేదు, అవి స్టూడియో చూసుకోవలసినవి. అమ్మాయి రెండోసారి పంపినది ఇలా ఉంటే చాలు: “అన్నా, ఒరిజినల్ ఫైల్ డాక్యుమెంట్‌గా పంపాను. వెనక చెక్క అల్మరాలు, మనుషులు వద్దు, కొంచెం బ్లర్. నమూనా ఇదిగో. ముఖం రంగు మార్చొద్దు, ఫోటో తిప్పొద్దు. 12×18, నడుము వరకు. ప్రింటుకు ముందు ఒకసారి చూపించండి.”

ఆ చివరి మాట తప్పకుండా రాయండి. చూపించినప్పుడు ఫోన్లో వేళ్లతో పెద్దది చేసి, టోపీ అంచు, చెవి పక్క జుట్టు, ముక్కు నీడ చూసుకుని అప్పుడు సరేననండి. ఒకసారి ప్రింటయ్యాక సరిచేయడానికి ఉండదు.