పుల్ రిక్వెస్ట్ ఎక్కడ ఆగుతోంది? బోర్డులో రెండు కాలమ్‌లతో తెలిసిపోతుంది!

ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. సోమవారం సాయంత్రం 4కి మీరు పుల్ రిక్వెస్ట్ పెట్టారనుకోండి. బుధవారం ఉదయం 11కి ఒకరు తెరిచారు. చదవడానికి పట్టింది అరగంట. ఊరికే ఆగింది 43 గంటలు! కానీ బోర్డులో కార్డు ‘ఇన్ ప్రోగ్రెస్’లోనే ఉంది. చూసేవాళ్లకి మీరింకా కోడ్ రాస్తున్నట్టే కదా?

అందుకే రెండు కాలమ్‌లు పెట్టండి: ‘రివ్యూ కోసం వెయిటింగ్’, ‘రివ్యూ జరుగుతోంది’. ఎవరైనా చదవడం మొదలుపెట్టాకే కార్డు రెండో దాంట్లోకి వెళ్లాలి. కామెంట్లు సరిచేసి మళ్లీ పంపితే, తిరిగి వెయిటింగ్‌లోకే రావాలి. లేదంటే ఆ రెండో ఎదురుచూపు లెక్కలోకి రాదు.

మొదటి కాలమ్‌లో ఎక్కువ ఆగుతోందంటే, చూసేవాళ్లు దొరకట్లేదని అర్థం. అప్పుడు ఆ కాలమ్‌కి 3 కార్డులని లిమిట్ పెట్టండి. నిండిందా, కొత్త పని ఎవరూ మొదలుపెట్టకూడదు, ముందు రివ్యూ చేయాలి. గిట్‌హబ్ వాడేవాళ్లకి ఈ కమాండ్, ఇంకా ఎవరూ రివ్యూ ఇవ్వనివాటిని పాతవి ముందు వచ్చేలా చూపిస్తుంది:

```
gh pr list --search "review:none draft:false sort:created-asc"
```

రెండో కాలమ్‌లో ఆగుతోందా? పుల్ రిక్వెస్ట్ మరీ పెద్దదేమో చూడండి. పేర్లు మార్చడం ఒకటిగా, లాజిక్ మార్చడం ఇంకోటిగా విడగొట్టండి.

ఒక్క జాగ్రత్త: వెయిటింగ్ తగ్గింది కానీ బగ్‌లు పెరిగాయంటే, చదవకుండానే అప్రూవ్ చేసేస్తున్నారేమో చూసుకోండి. మీ టీమ్‌లో ఎన్ని గంటలు ఆగుతోందో కామెంట్‌లో చెప్పండి!