మొదటి ముసాయిదా ఎవరిది?

2001 జులైలో అమెరికాకు చెందిన ఒక పేరున్న పిల్లల మానసిక వైద్య పత్రికలో ఒక పరిశోధన వ్యాసం అచ్చయింది. డిప్రెషన్‌తో బాధపడే టీనేజీ పిల్లలకు పెరాక్సిటిన్ అనే మందు బాగా పనిచేస్తుందని, ఒంటికి పెద్దగా ఇబ్బంది కలిగించదని దాని సారాంశం. వ్యాసం మీద 22 మంది పేర్లున్నాయి. చాలామంది విశ్వవిద్యాలయ ఆచార్యులు. ఆ పేర్లు చూసే డాక్టర్లు దాన్ని నమ్మారు. వైద్య ప్రపంచంలో దాన్ని ‘స్టడీ 329’ అంటారు.

తర్వాత మందు కంపెనీ మీద అమెరికాలో కేసులు పడ్డాయి. కంపెనీ లోపలి కాగితాలు కోర్టుల ద్వారా బయటికొచ్చాక తెలిసిన సంగతేమిటంటే, ఆ వ్యాసం మొదటి ముసాయిదా రాసింది ఆ 22 మందిలో ఎవరూ కాదు. మందు తయారుచేసిన స్మిత్‌క్లైన్ బీచమ్ కంపెనీ డబ్బిచ్చి పెట్టుకున్న ఒక వైద్య రచనల సంస్థలోని రచయిత్రి రాశారు. అచ్చయిన వ్యాసంలో ఆమెకు దక్కింది చివర్లో కృతజ్ఞతల మధ్య ఒక్క వాక్యం. అందులో ఆమె ‘సంపాదకత్వ సహాయం’ చేశారని ఉంది. ఆ మాట చదివినవాళ్లు అక్షర దోషాలు దిద్దారనుకుంటారు తప్ప, వ్యాసాన్నే రాశారనుకోరు.

రాసింది ఎవరైతేనేం, లెక్కలు నిజమైతే చాలదా అనిపించవచ్చు. ఇక్కడ లెక్కల దగ్గరే చిక్కు వచ్చింది. 275 మంది పిల్లల్ని మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు పెరాక్సిటిన్, ఒక గుంపుకు పాత మందు ఇమిప్రమిన్, ఒక గుంపుకు మందు లేని ఉత్త మాత్ర ఇచ్చారు. ఫలితాన్ని కొలవడానికి ముందుగా పెట్టుకున్న రెండు ప్రధాన కొలతల్లోనూ పెరాక్సిటిన్ ఉత్త మాత్రకంటే మెరుగని తేలలేదు. మందు పనిచేస్తుందని నిరూపణ కాలేదని రాయడం వ్యాపారపరంగా తమకు ఒప్పుదల కాదని 1998 నాటి కంపెనీ అంతర్గత పత్రంలోనే ఉంది. 2015లో స్వతంత్ర పరిశోధకులు అసలు సమాచారాన్ని మళ్లీ లెక్కగట్టి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. మందు పనిచేయలేదు, సురక్షితమూ కాదు అన్నారు. పెరాక్సిటిన్ తీసుకున్న 93 మందిలో ఆత్మహత్య ఆలోచనలు, తమను తాము గాయపరచుకోవడం వంటివి 11 మందిలో కనిపించాయని తేల్చారు. మొదటి వ్యాసంలో ఇలాంటి వాటిని ‘భావోద్వేగాల నిలకడలేమి’ అనే మెత్తటి పేరు కింద చూపారు. ఏ మాట వాడాలో తేల్చేది కలం పట్టినవాళ్లే. ఆ కలానికి జీతం ఎవరిచ్చారన్నది పాఠకుడికి తెలియాలి.

ఇలా రాసినవాళ్ల పేరు దాచేయడాన్ని ఘోస్ట్ ఆథర్‌షిప్ అంటారు. రాయనివాళ్ల పేరు పెట్టడం గిఫ్ట్ ఆథర్‌షిప్. రెండూ తరచూ జంటగానే నడుస్తాయి. ఎందుకంటే ఒక చేయి దాచాలంటే, ఆ చోట గౌరవంగా కనిపించే మరో పేరు కావాలి. ఔషధ కంపెనీలు లేకుండానే గిఫ్ట్ ఎంత దూరం తీసుకెళ్తుందో లండన్‌లో 1994లో జరిగిన సంఘటన చెబుతుంది. సెయింట్ జార్జ్ ఆసుపత్రి వైద్యుడు మాల్కం పియర్స్, గర్భాశయం బయట పెరుగుతున్న పిండాన్ని లోపలికి మార్చి బిడ్డను పుట్టించానని ఒక వ్యాసం ప్రచురించాడు. విచారణ చేస్తే అలాంటి రోగి ఆనవాలే దొరకలేదు. ఆ వ్యాసం మీద సహరచయితగా ఆయన విభాగాధిపతి జెఫ్రీ చాంబర్లెన్ పేరుంది. ఆయనే ఆ పత్రిక సంపాదకుడు, బ్రిటన్ ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీకి అధ్యక్షుడు కూడా. పనిలో తనకు భాగం లేదని, మర్యాదకు పెట్టిన పేరని ఆయన వివరణ. ఆ రెండు పదవులూ వదులుకోవలసి వచ్చింది. పియర్స్ పేరును వైద్యుల రిజిస్టరు నుంచి తొలగించారు.

మనవాళ్ల వైద్య కళాశాలల్లో ఈ మర్యాద ఎందుకు మానడం కష్టమో చెప్పాలంటే ప్రమోషన్ల నిబంధనలు చూడాలి. 2015లో మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, వ్యాసంలో మొదటి లేదా రెండో రచయితగా ఉంటేనే ప్రమోషన్‌కు లెక్కలోకి తీసుకుంటామంది. 2020లో దాన్ని మొదటి ముగ్గురికి, ఉత్తరప్రత్యుత్తరాలు చూసే రచయితకు సడలించారు. పేరు ఎక్కడుందో అదే ఉద్యోగం ఎక్కడుందో నిర్ణయిస్తే, వరసలో చోటు కోసం పోటీ, దానికి తగ్గ మొహమాటం రెండూ పెరుగుతాయి. పీజీ విద్యార్థి తన థీసిస్‌ను వ్యాసంగా రాసి, గైడ్ పేరుతోపాటు హెచ్‌ఓడీ పేరు కూడా పెట్టాలా అని సీనియర్‌ను అడిగితే, ‘పెట్టకపోతే ఎలా?’ అన్న జవాబే వస్తుంది. దీన్ని ఆ విద్యార్థి తప్పుగా నేను చూడను. థీసిస్ మీద సంతకం పెట్టాల్సినవాళ్లకు ఎదురు చెప్పే స్థితిలో అతను లేడు.

అంతర్జాతీయ వైద్య పత్రికల సంపాదకుల కమిటీ రచయిత అనిపించుకోవడానికి నాలుగు షరతులు పెట్టింది. పరిశోధన రూపకల్పనలోనో, సమాచార సేకరణలోనో, విశ్లేషణలోనో గట్టి భాగం ఉండాలి. ముసాయిదా రాయడమో, దాని విషయాన్ని లోతుగా సరిదిద్దడమో చేయాలి. అచ్చుకు వెళ్లే ప్రతిని ఆమోదించాలి. మొత్తం పనికి జవాబుదారీ వహించాలి. ఈ చివరిది 2013లో చేరింది. నాలుగూ ఉండాలి. నిధులు తెచ్చినా, విభాగాన్ని నడిపినా అది ఒక్కటే చాలదు. అలాంటివాళ్లకు కృతజ్ఞతల పేరా ఉంది.

ఆ నాలుగు షరతుల్లో ఎవరు ఏది నెరవేర్చారో పాఠకుడికి చెప్పేదే కాంట్రిబ్యూషన్ స్టేట్‌మెంట్. చాలా పత్రికలు ఇప్పుడు క్రెడిట్ అనే 14 పాత్రల జాబితాను వాడుతున్నాయి. అందులో రాతకు రెండు పాత్రలు విడిగా ఉన్నాయి: మొదటి ముసాయిదా రాయడం, సమీక్షించి సరిదిద్దడం. ఈ గీత చాలా విలువైనది. కానీ అందరి పేర్లూ అన్ని పాత్రల కిందా పెట్టేస్తే ఆ గీత చెరిగిపోతుంది. ‘రచయితలందరూ సమానంగా పాలుపంచుకున్నారు’ అనే వాక్యం కనిపించిన ప్రతి చోటా, ఎవరు ఏం చేశారో చెప్పకూడదనుకున్నారేమోనని నాకు అనుమానం.

ఒక ఊహాజనిత ఉదాహరణ చూద్దాం. ఆలోచన గైడ్‌ది. రోగుల వివరాలు సేకరించి ముసాయిదా రాసింది పీజీ విద్యార్థిని. గణాంకాలు చేసింది కమ్యూనిటీ మెడిసిన్ నుంచి వచ్చిన అసిస్టెంట్ ప్రొఫెసర్. ఫలితాల పేరాలను కూడా ఆయనే సరిచేశారు. ఇంగ్లీషు సవరించింది డబ్బు తీసుకున్న ఒక ఎడిటర్. హెచ్‌ఓడీ అనుమతి ఇచ్చారు. నిజాయితీగా రాస్తే ఇలా వస్తుంది:

“పరిశోధన ఆలోచన, పర్యవేక్షణ: గైడ్. సమాచార సేకరణ, మొదటి ముసాయిదా: విద్యార్థిని. గణాంక విశ్లేషణ, ఫలితాల భాగం సవరణ: అసిస్టెంట్ ప్రొఫెసర్. మొత్తం వ్యాసం విషయ సవరణ: గైడ్. ముగ్గురూ తుది ప్రతిని ఆమోదించారు, దానికి జవాబుదారీ వహిస్తారు. భాషా సవరణ చేసినవారికి విద్యార్థిని డబ్బు చెల్లించారు. విషయంలో వారి జోక్యం లేదు. పరిశోధనకు అనుమతి, వసతి ఇచ్చిన విభాగాధిపతికి కృతజ్ఞతలు.”

ఇందులో ఎడిటర్ విషయం గమనించండి. క్రెడిట్ జాబితాను పత్రికలు సాధారణంగా రచయితల పేర్లున్నవారికే వాడతాయి. పేరు లేని రచయితను అది పట్టుకోలేదు. అందుకే స్టడీ 329 లాంటి వ్యాసానికి 14 పాత్రల పట్టిక జోడించినా, ఆ రచయిత్రి కనబడేవారు కాదు. ఆమె చేసిన పనేమిటి, డబ్బు ఎవరిచ్చారు అన్నవి కృతజ్ఞతల్లో విడిగా, వివరంగా చెబితేనే తెలిసేది. వృత్తి రచయితల్ని పెట్టుకోవడం తప్పు కాదు. ఆ పనికి మరో పేరు తగిలించడమే తప్పు.

స్టేట్‌మెంట్ రాయాల్సిన సమయం వ్యాసం పత్రికకు పంపే రోజు కాదు. పరిశోధన మొదలైనప్పుడే ఎవరు ఏం చేస్తారో రాసుకుని, మధ్యలో మారితే దాన్నీ మార్చి, ముసాయిదా పూర్తయ్యాక చివరిసారి అందరికీ చూపాలి. తర్వాత గొడవ వస్తే పత్రిక తీర్పు చెప్పదు. సాధారణంగా వ్యాసాన్ని ఆపి, సంస్థను విచారించమంటుంది. సంస్థ ఎదుట నిలబడేది తేదీలున్న ముసాయిదా ఫైళ్లు, ఈమెయిళ్లు, ఎవరు ఏ పేరా మార్చారో చూపే సవరణల చరిత్ర. పీజీ విద్యార్థులు వాటిని సొంత ఈమెయిల్‌లో, కాలేజీ కంప్యూటర్‌తో సంబంధం లేని చోట ఉంచుకోవాలి. కోర్సు అయిపోయి ఆ కాలేజీ లాగిన్ మూసేశాక, మొదటి ముసాయిదా తనదేనని చూపడానికి మిగిలేవి అవే.