క్లిక్కు కొనడానికా, వండడానికా?

గోంగూర పచ్చడి అమ్మే దుకాణం ఒకటి గూగుల్‌లో ప్రకటన ఇచ్చిందనుకుందాం. కీవర్డ్‌ను ఏ గుర్తూ లేకుండా రాస్తే అది బ్రాడ్ మ్యాచ్. ఆవకాయ కోసం వెతికేవారికీ ప్రకటన కనబడొచ్చు, "గోంగూర పచ్చడి తయారీ" అని వెతికేవారికీ కనబడొచ్చు. క్లిక్కు 8 రూపాయలైతే, అలాంటి 50 క్లిక్కులకు 400 గోవిందా!

కొటేషన్లలో పెడితే ఫ్రేజ్ మ్యాచ్. పరిధి తగ్గుతుంది గానీ తయారీ అడిగేవారు వదలరు, వాళ్ల మాటల్లోనూ గోంగూర పచ్చడి ఉందిగా. [గోంగూర పచ్చడి] అని చదరపు బ్రాకెట్లలో పెడితే అదే అర్థమున్న వెతుకులాటలకే పరిమితం. అప్పుడు కొనేవాళ్లూ కొందరు జారిపోతారు.

అసలు మందు నెగటివ్ కీవర్డ్. జనం టైపు చేసిన మాటలు చాలావరకు సెర్చ్ టర్మ్స్ రిపోర్టులో దొరుకుతాయి. "తయారీ" ఒక్కటే చేరిస్తే చాలదు. నెగటివ్‌లకు పర్యాయపదాలు పట్టవు కాబట్టి "రెసిపీ", "ఎలా చేయాలి" విడివిడిగా చేర్చాల్సిందే.