బెల్ కొట్టేలోపు అమ్ముడుపోవాల్సిన మాట

తెర మీద ఇంటర్వెల్ కార్డు పడి లైట్లు వెలిగాక, మళ్లీ బెల్ కొట్టే వరకు క్యాంటీన్‌కు దొరికేది పది నుంచి పదిహేను నిమిషాలు. అందులోనూ మొదటి రెండు మూడు నిమిషాలు జనం మెట్లు దిగడానికీ టాయిలెట్లకు వెళ్లడానికీ పోతాయి. ఆ తర్వాత అందరూ ఒక్కసారిగా కౌంటర్ మీద పడతారు. వెనక నిలబడ్డవాళ్లు రెండు నిమిషాలు చూసి, సినిమా మొదలైపోతుందేమోనని ఖాళీ చేతులతో లోపలికి వెళ్లిపోతారు. క్యాంటీన్ బోర్డు మీద రాసే కాంబో ఆఫర్ మాటకు ఉన్న అసలు పని ఈ తొక్కిసలాటలోనే తెలుస్తుంది. ఆ మాట నోరూరించాలి, నిజమే. అంతకంటే ముందు అది కొనేవాడి నిర్ణయాన్ని వరసలో ఉండగానే తేల్చేయాలి.

ఒక చిన్న లెక్క చూద్దాం. మన ఊళ్లో ఒక సింగిల్ స్క్రీన్ థియేటర్ ఉంది, క్యాంటీన్‌లో మూడు కౌంటర్లు ఉన్నాయి, గట్టిగా అమ్మకం సాగే సమయం పన్నెండు నిమిషాలు అనుకుందాం. బోర్డు మీద ఇరవై ఐటమ్‌లు, వాటి పక్కన ధరలు ఉన్నాయి. కౌంటర్ దగ్గరికి వచ్చాకే మనిషి తలెత్తి చదవడం మొదలుపెడతాడు. పాప్‌కార్న్ ఎంత, చిన్నదా పెద్దదా, సమోసా ఉల్లిపాయదా ఆలూదా అని అడిగి, కూడికలు వేసుకుని, చిల్లర తీసుకుని కదలడానికి 45 సెకన్లు పడుతుందనుకుంటే, ఒక్కో కౌంటర్‌లో 16 మందికి, మూడింటిలో కలిపి 48 మందికి అందుతుంది. అదే మనిషి దూరం నుంచే బోర్డు చదివి, చేతిలో నోట్లు పట్టుకుని వచ్చి ‘రెండో నంబరు ఒకటివ్వండి’ అంటే 30 సెకన్లలో పని అయిపోతుంది. అప్పుడు 72 మందికి అందుతుంది. కొత్తగా మనిషిని పెట్టుకోకుండా, కౌంటర్ పెంచకుండా, ఒక్క ఆటకే 24 మంది ఎక్కువ.

కాబట్టి ఆఫర్ మాట రాసేవాళ్లు ముందుగా ఆలోచించాల్సింది, అది ఎంత దూరం నుంచి, ఎంతసేపట్లో చదవగలం అన్నది. వరసలో నాలుగో మనిషి ముందువాళ్ల తలల మీదుగా చూసి ఒక్క చూపులో అందుకోవాలి. అందుకు ఆ మాటలో నాలుగు సంగతులు ఉంటే చాలు: ఏమేం వస్తాయి, ఎన్ని వస్తాయి, ఎంతమందికి సరిపోతుంది, ధర ఎంత. నోరూరించే ముక్క ఒకటి వీటికి ముందో వెనకో ఉండొచ్చు గానీ, వీటిని మింగేయకూడదు.

ఈ రెండు మాటల్ని పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది: ‘మా బ్లాక్‌బస్టర్ మెగా కాంబోతో మీ వినోదాన్ని రెట్టింపు చేసుకోండి!’ రెండోది: ‘విలన్ సంగతి హీరో చూసుకుంటాడు, మీ ఆకలి సంగతి మేం చూసుకుంటాం. పాప్‌కార్న్, రెండు సమోసాలు, ఒక కూల్‌డ్రింక్ – 150.’ మొదటిది చదివినవాడు కౌంటర్ దగ్గరికి వచ్చి ‘దీంట్లో ఏమేం వస్తాయన్నా?’ అని అడుగుతాడు. ఆ ప్రశ్న వినపడిందంటే ఆ మాట ఓడిపోయినట్టే. మిగిల్చుకోవాలనుకున్న 15 సెకన్లు ఆ ప్రశ్నకూ దాని జవాబుకూ పోయాయి. బోర్డు మార్చిన రోజు కౌంటర్‌లో కుర్రాళ్లను ఒక్కటే అడిగితే సరిపోతుంది: ‘ఈ రోజు ఎంతమంది ఏమొస్తాయని అడిగారు?’

ధర విషయంలో ఒక అలవాటును వదులుకోవడం మంచిది. దుకాణాల్లో 149, 199 అని రాస్తారు. ఇంటర్వెల్ రద్దీలో ఆ ఒక్క రూపాయి క్యాంటీన్‌కే నష్టం తెస్తుంది. రూపాయి చిల్లర వెతకడానికి పట్టే సమయంలో వెనక మనిషి వెళ్లిపోతాడు. ఫోన్‌తో కట్టొచ్చు కదా అంటే, హాలంతా ఒకేసారి ఫోన్లు తీసినప్పుడు సిగ్నల్ చాలాచోట్ల నత్తనడక నడుస్తుంది. 50, 100, 150, 200 లాంటి ధరలైతే నోటు ఇచ్చి ట్రే పట్టుకుని కదిలిపోవచ్చు. ‘సరిగ్గా వంద ఇవ్వండి, వెంటనే అందుకోండి’ అన్నది కూడా మంచి ఆఫర్ మాటే. తొందరలో ఉన్నవాడికి తొందరగా పనయ్యే దారి చూపిస్తుంది.

ఇక కాంబోలో లాభం ఎక్కడుందో చూద్దాం. పాప్‌కార్న్ విడిగా 80, రెండు సమోసాలు 40, కూల్‌డ్రింక్ 50 అనుకుందాం. మొత్తం 170. సరుకు ఖర్చు పాప్‌కార్న్‌కు 20, సమోసాలకు 16, కూల్‌డ్రింక్‌కు 14, కలిపి 50 అనుకుంటే, 150 రూపాయల కాంబో మీద మిగిలేది 100. పాప్‌కార్న్ ఒక్కటే కొనేవాడి దగ్గర 60 మిగిలేది. అతను కాంబోకు మారితే క్యాంటీన్‌కు 40 అదనం. మరోపక్క, ఎలాగూ మూడూ కొనేవాడి దగ్గర 120 మిగిలేది, కాంబో వల్ల 20 తగ్గింది. అంటే ఒక్క మనిషి పాప్‌కార్న్ నుంచి కాంబోకు మారితే, ఎలాగూ కొనే ఇద్దరికి ఇచ్చిన తగ్గింపు పూడిపోతుంది. అందుకే కాంబో మాట ఎవరికోసం రాయాలన్నది ముఖ్యం. అది ఒక్క వస్తువు కొందామని వచ్చినవాడి కోసం రాయాలి. ‘పాప్‌కార్న్ తీసుకుంటున్నారా? ఇంకో 70 వేస్తే రెండు సమోసాలు, కూల్‌డ్రింక్ కూడా’ అన్న మాట నేరుగా అతనితోనే మాట్లాడుతుంది. విడిగా కొంటే 170 అని పక్కనే చిన్నగా రాస్తే, ఆదా ఎంతో అతనే చూసుకుంటాడు.

ఎక్కువ తినడానికి మనిషి మొహమాటపడతాడన్న సంగతి సినిమా హాళ్లకు చాలాకాలంగా తెలుసు. 1960ల్లో అమెరికాలో ఒక థియేటర్ల సంస్థలో పనిచేసిన డేవిడ్ వాలర్‌స్టీన్ పాప్‌కార్న్ అమ్మకం పెంచడానికి ఎన్నో రకాల ఆఫర్లు పెట్టి చూశాడు. జనం రెండో పొట్లం కొనడం లేదు. రెండోసారి వెళ్లి అడిగితే తిండిపోతు అనుకుంటారని వాళ్ల జంకు. పొట్లం సైజునే పెంచి అమ్మితే మాత్రం సంకోచం లేకుండా కొన్నారు. అమ్మకాలు పెరిగాయి. మన హాళ్లలో ఈ జంకును పోగొట్టేది ‘పెద్దది’ అన్న మాట కంటే ‘ఇద్దరికి’, ‘నలుగురికి’ అన్న మాట. మనవాళ్లు సినిమాకు ఇంటిల్లిపాదీ వస్తారు, వరసలో మాత్రం ఒక్కరే నిలబడతారు. ఆ ఒక్కరి మనసులో ఉన్న లెక్క మనుషుల లెక్క. ‘నలుగురికి ఒకటే ట్రే: పెద్ద పాప్‌కార్న్, నాలుగు సమోసాలు, నాలుగు కూల్‌డ్రింకులు – 400’ అన్నది అతని లెక్కను అతని బదులు చేసిపెడుతుంది. పైగా ఆ ట్రే మోయగలిగేలా ఉండాలి. నాలుగు గ్లాసులు చేతుల్లో ఇరికించుకుని చీకట్లో మెట్లెక్కాల్సి వస్తే ఆ కాంబో మళ్లీ ఎవరూ కొనరు.

ఏ ఆటకు ఆ మాట ఉండాలి. భోంచేసి వచ్చే మ్యాట్నీ జనానికి సమోసాలు, బజ్జీల కంటే చల్లటివీ తేలికవీ నచ్చుతాయి: ‘ఎండలో వచ్చారు, చల్లగా కూర్చోండి. పాప్‌కార్న్, కూల్‌డ్రింక్ – 100.’ సెకండ్ షోకు భోజనం మానుకుని వచ్చేవాళ్లు ఉంటారు. వాళ్లకు కడుపు నిండేది కావాలి: ‘ఇంటికెళ్లేసరికి అర్ధరాత్రి. ఎగ్ పఫ్, రెండు సమోసాలు, టీ – 100.’ హైదరాబాద్‌లో అయితే ‘కరకర పఫ్, గరంగరం చాయ్ – 50’ అంటే అది అక్కడివాళ్ల నాలుక మీద ఆడే మాట. ఫైట్ల సినిమాకు ‘ఫైట్ వాళ్లది, బైట్ మనది’ అని చమత్కరించవచ్చు. సినిమా కథలోని మలుపును మాత్రం బోర్డు మీదకు తేకూడదు. ఇంటర్వెల్ బ్యాంగ్ తర్వాత ఏం జరుగుతుందోనని ఆత్రంగా ఉన్నవాడికి క్యాంటీన్ బోర్డు కథ చెప్పేస్తే అతను క్షమించడు.

నోటితో పలికే మాటను కూడా మర్చిపోకూడదు. చాలా సింగిల్ స్క్రీన్‌లలో కుర్రాళ్లు ట్రేలు పట్టుకుని సీట్ల మధ్యకే వస్తారు. ‘సమోసా... సమోసా... పాప్‌కార్న్...’ అన్న పిలుపు వరస చివర కూర్చున్నవాడి చెవిన పడగానే అర్థమవుతుంది. ఆ పిలుపులో కాంబో కూడా ఇమడాలంటే పేరు రెండు మూడు మాటల్లో ఉండాలి. ‘సమోసా-టీ యాభై’ అని ఒకే ఊపిరిలో అనగలిగితే అది పనికొచ్చే పేరు. ఊపిరి చాలకపోతే మార్చుకోవాలి.

ఇప్పుడు అన్నిటికంటే బరువైన సంగతి. సినిమా హాలు కొనేవాడికి వేరే దారి లేని చోటు. బయటి తిండిని లోపలికి రానివ్వాలో వద్దో నిర్ణయించుకునే హక్కు హాలు యజమానులకు ఉందని సుప్రీంకోర్టు 2023 జనవరి 3న చెప్పింది. అదే తీర్పులో తాగునీరు ఉచితంగా ఇవ్వాలనీ, పసిపిల్లల కోసం తగుమాత్రంగా తెచ్చుకునే ఆహారాన్ని అడ్డుకోకూడదనీ కూడా స్పష్టం చేసింది. పక్క దుకాణానికి పోలేని మనిషికి రాసే ఆఫర్ మాటలో మెలిక ఉంటే అది అతని నిస్సహాయతను వాడుకోవడం అవుతుంది.

మెలికలు ఎక్కడెక్కడ ఉంటాయో చదువరులకు తెలిసి ఉండాలి. ఒకటి, ‘ఉచితం’. సమోసా ఉచితం అని రాసి పాప్‌కార్న్ ధర పెంచితే అది ఉచితం కాదు. రెండు, ఇంటర్వెల్ మొదలయ్యేసరికే అయిపోయిన వస్తువును బోర్డు మీద ఉంచి, జనం వచ్చాక ఖరీదైనది అంటగట్టడం. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తెచ్చిన మార్గదర్శకాలు ఈ రెండింటినీ పేరుపెట్టి అడ్డుకున్నాయి. మూడు, సైజు. గ్లాసు ఎన్ని మిల్లీలీటర్లో రాయకపోతే సగం ఐసుతో నింపినా అడగలేం. సీసా ఇస్తే దాని మీద ఎమ్మార్పీ ఉంటుంది, అంతకు మించి తీసుకోకూడదు. నాలుగు, వేళలు. 2023 జులైలో పాప్‌కార్న్ ధరల మీద సోషల్ మీడియాలో గొడవ జరిగాక, పీవీఆర్ ఐనాక్స్ 99 రూపాయల నుంచి మొదలయ్యే కాంబోలు ప్రకటించింది. అవి సోమవారం నుంచి గురువారం వరకు, ఉదయం 9 నుంచి సాయంత్రం 6 లోపు మాత్రమే. అలాంటి షరతు ఉండటం తప్పు కాదు. ధర ఎంత పెద్ద అక్షరాల్లో ఉందో వేళలు కూడా అంత స్పష్టంగా ఉంటే, ఆదివారం సెకండ్ షోకు వచ్చినవాడు కౌంటర్ దగ్గర వాదనకు దిగడు, వరస ఆగదు.

ఈ మాటలు రాసే క్యాంటీన్‌వాళ్లు చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. బోర్డు మీద మూడు కాంబోలకు మించకుండా పెట్టి, ఒక్కోదానికి నంబరు వేసి, శుక్రవారం నుంచి ఆదివారం వరకు ఏ ఆటకు ఏది ఎన్ని పోయాయో రాసుకోవాలి. సోమవారం ఆ కాగితం చూసి, తక్కువ పోయినదాని మాట మార్చాలి. మాట మార్చినా పోకపోతే వస్తువు మార్చాలి. సినిమా అయ్యాక సీట్ల కింద చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. సగం మిగిలిన పాప్‌కార్న్ డబ్బాలు, ఒక కొరుకు కొరికి వదిలేసిన సమోసాలు కనిపిస్తే, మాట నిలబెట్టుకోవాల్సింది వంటింట్లోనని అర్థం. వేడి అని రాసిన సమోసా వేడిగానే చేతికందితే, వచ్చే శుక్రవారం అదే మనిషి బోర్డు వంక చూడకుండానే సరిపడా చిల్లరతో వచ్చి నంబరు చెబుతాడు.