కుండ పోయింది, కిరీటం వచ్చింది, బంగారం ఉంది

కంసాలి ఒక బంగారు కుండను కరిగించి కిరీటం చేస్తున్నాడు. అక్కడికి ముగ్గురు వచ్చారు. కుండ కావాలనుకుని వచ్చినవాడు అది మూసలో కరిగిపోవడం చూసి దుఃఖపడ్డాడు. కిరీటం కోసం వచ్చినవాడు సంతోషించాడు. బంగారం ఉంటే చాలనుకున్నవాడికి సంతోషమూ లేదు, దుఃఖమూ లేదు. దిగంబర జైనాచార్యుడు సమంతభద్రుడు ‘ఆప్తమీమాంస’లో చూపిన ఉదాహరణ ఇది. అనేకాంతవాదం మొత్తానికి ఇదే గుమ్మం.

మన ఇళ్లలోనూ ఇది జరుగుతూనే ఉంటుంది. అమ్మమ్మ కాసులపేరు కరిగించి మనవరాలి పెళ్లికి హారం చేయిస్తారు. అమ్మమ్మ కళ్లు చెమరుస్తాయి, మనవరాలు అద్దం ముందు నుంచి కదలదు, తాతగారు తూకం సరిపోయిందా అని మాత్రమే అడుగుతారు. వీళ్లలో ఎవరిది భ్రమ? ఎవరిదీ కాదంటారు జైనులు. ఒక వస్తువు నిజంగా నశించింది, ఒకటి నిజంగా పుట్టింది, ఒకటి నిజంగా నిలిచింది. మూడూ ఒకే క్షణంలో, ఒకే బంగారంలో జరిగాయి.

ఇక్కడ చాలామంది పొరబడతారు. అనేకాంతం అంటే ‘ఎవరి అభిప్రాయం వారిది’ అనుకుంటారు. జైనులు చెప్పేది ముందుగా వస్తువు గురించి, ఆ తర్వాతే మన అభిప్రాయాల గురించి. నిలిచి ఉండేదాన్ని వారు ద్రవ్యం అంటారు, మారే రూపాన్ని పర్యాయం అంటారు. ఈ రెండూ లేని వస్తువే లేదు. మార్పు లేనిదే సత్యమన్న అద్వైతులు బంగారాన్ని చూశారు. అంతా క్షణికమన్న బౌద్ధులు కుండ పోవడాన్నీ కిరీటం రావడాన్నీ చూశారు. చూసినంతవరకు ఇద్దరిదీ నిజమే. ‘ఇంతే, ఇంకేమీ లేదు’ అన్నచోటే తప్పు మొదలైంది. ఒక వైపు నుంచి చూసే చూపుకు జైనులు పెట్టిన పేరు నయం. మిగతా వైపులను కాదనే చూపు దుర్నయం.

మరి ఇలాంటి సత్యాన్ని మాటల్లో ఎలా చెప్పాలి? అందుకోసం వచ్చిందే స్యాద్వాదం. ‘స్యాత్’ అనే మాటకు సంస్కృతంలో ‘కావచ్చు’ అనే అర్థం ఉంది కాబట్టి దీన్ని సందేహవాదం అన్నవాళ్లున్నారు. కానీ జైనులు వాక్యం కట్టే తీరు చూడండి: ‘స్యాత్ అస్తి ఏవ’. ఇందులో ‘స్యాత్’ అంటే ‘ఒక విధంగా చూస్తే’. ‘ఏవ’ అంటే ‘ఉన్నదే’ అని నొక్కి చెప్పడం. మొదటి మాట హద్దు గీస్తుంది, రెండోది ఆ హద్దులోపల సందేహానికి తావు లేకుండా చేస్తుంది.

ఆ హద్దు ఎలా గీస్తారో మల్లిషేణుడు ‘స్యాద్వాదమంజరి’లో ఒక మట్టికుండతో చూపించాడు. ఆ కుండ మట్టిగా ఉంది, నీరుగా లేదు. పాటలీపుత్రంలో ఉంది, కన్యాకుబ్జంలో లేదు. శిశిర ఋతువులో ఉంది, వసంతంలో లేదు. నల్లగా ఉంది, ఎర్రగా లేదు. ద్రవ్యం, చోటు, కాలం, గుణం అనే ఈ నాలుగూ చెప్పకుండా ‘కుండ ఉంది’ అంటే మాట సగమే అయినట్టు. ‘ఉంది’, ‘లేదు’, వరుసగా చెబితే ‘ఉంది, లేదు కూడా’, రెండూ ఒక్కసారే చెప్పబోతే ‘మాటకందదు’: ఈ నాలుగింటికి వీటి కలయికలు మరో మూడు చేర్చితే ఏడు. అదే సప్తభంగి.

దీన్ని గట్టిగా ఎదుర్కొన్నవాడు శంకరాచార్యుడు. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయం, రెండో పాదం, 33వ సూత్రానికి రాసిన భాష్యంలో ఆయన అడుగుతాడు: వేడీ చల్లదనంలా పరస్పరం పడని ధర్మాలు ఒకే వస్తువులో ఒకేసారి ఎలా ఉంటాయి? అంతా అనిశ్చితమైతే మీ తీర్థంకరుడి బోధ మాత్రం నిశ్చయమెలా అవుతుంది? మొదటి ప్రశ్నకు జైనుల జవాబు సూటిగానే ఉంది. ఒకే మనిషి కొడుకుకు తండ్రి, తండ్రికి కొడుకు. ఒకే వైపు నుంచి రెండూ అంటేనే వైరుధ్యం. నాకు ఈ జవాబు సరిపోతుంది. రెండో ప్రశ్న మాత్రం బరువైనది. సామాన్యుల జ్ఞానమే పాక్షికమని, కేవలజ్ఞానం పొందినవాడికి వస్తువు అన్ని వైపులా ఒకేసారి కనిపిస్తుందని జైనులు అంటారు. ఆ కేవలజ్ఞానాన్ని ఒప్పుకోనివారికి ఈ సమాధానం చాలదు.

అన్ని మతాలూ ఒకటేనని చెప్పడానికి అనేకాంతాన్ని సాక్ష్యంగా తెచ్చేవారు ఒక సంగతి గమనించాలి. ‘స్యాద్వాదమంజరి’ ఇతర దర్శనాలను ఖండించే హేమచంద్రుడి స్తోత్రానికి వ్యాఖ్యానం. పరమతాలను ఒక్కొక్కటిగా తీసుకుని, ఎక్కడ ఏ వైపు వదిలేశాయో అందులో తర్కంతో చూపించారు. జైనగ్రంథాల అనువాదాల్లో ‘స్యాత్’ పక్కన ‘బహుశా’ అని కనిపిస్తే, దాన్ని కొట్టేసి ‘ఒక విధంగా చూస్తే’ అని రాసుకుని చదవండి.