పెరిగే కొనుగోలు ధరలు, ఫిఫో పద్ధతిలో కనిపించే లాభం, అమ్మకపు ధర నిర్ణయం

ముడిసరుకును కొని, నిల్వ చేసి, శుద్ధి చేసి అమ్మే రైతు ఉత్పత్తిదారుల సంస్థల లెక్కల్లో కొన్నిసార్లు ఒక వైరుధ్యం కనిపిస్తుంది. లాభనష్టాల ఖాతా లాభాన్ని చూపుతుంది. అదే సమయంలో, అమ్మిన సరుకుకు బదులుగా మళ్లీ అంతే సరుకు కొనడానికి సంస్థ వద్ద డబ్బు చాలదు. లెక్కలు రాయడంలో ఎలాంటి పొరపాటూ లేకపోయినా ఇది జరగవచ్చు. కొనుగోలు ధరలు పెరుగుతున్న కాలంలో ‘ఫస్ట్ ఇన్ ఫస్ట్ అవుట్’ (ఫిఫో) పద్ధతి స్వభావమే ఇందుకు కారణం.

పద్ధతి స్వభావం

ఫిఫో పద్ధతిలో ముందుగా కొన్న సరుకే ముందుగా అమ్ముడైనట్లు భావిస్తారు. అందువల్ల అమ్మిన సరుకు వ్యయంగా పాత ధర, ముగింపు నిల్వ విలువగా కొత్త ధర లెక్కలోకి వస్తాయి. ధరలు పెరుగుతున్నప్పుడు అమ్మకపు రాబడి నేటి ధరలోనూ, దానికి ఎదురుగా నిలిచే వ్యయం నిన్నటి ధరలోనూ ఉంటాయి. ఈ రెండు కాలాల మధ్య వచ్చిన ధరల తేడా లాభంలో కలిసిపోతుంది.

గోదాములో పాత ధాన్యాన్ని ముందుగా వాడటం వేరు, లెక్కల్లో పాత ధరను ముందుగా వాడటం వేరు. పురుగు, బూజు, తేమ వల్ల కలిగే నష్టాన్ని తగ్గించడానికి మొదటిది అవసరమైన నిల్వ విధానం. రెండవది వ్యయాన్ని కేటాయించే ఒక ఊహ మాత్రమే. సరుకు ఏ వరుసలో గోదాము దాటినా, ధర నిర్ణయానికి ఏ వ్యయాన్ని ఆధారం చేసుకోవాలనేది విడిగా ఆలోచించవలసిన విషయం.

ఒక ఉదాహరణ

మొక్కజొన్నను మర పట్టించి, పశువుల దాణాకు రవ్వగా అమ్మే ఒక సంస్థను ఊహించుకుందాం. సభ్యుల మూలధనం రూ. 2,00,000. ఎప్పుడూ 100 క్వింటాళ్ల నిల్వ ఉంచాలన్నది సంస్థ నియమం. మర, సంచులు, రవాణా ఖర్చు క్వింటాలుకు రూ. 150. లెక్క తేలికగా ఉండటానికి తరుగును పక్కన పెడదాం.

నవంబరులో క్వింటాలు రూ. 2,000 చొప్పున 100 క్వింటాళ్లు కొన్నారు. ఖర్చు రూ. 150, లాభం రూ. 200 కలిపి అమ్మకపు ధరను రూ. 2,350గా నిర్ణయించారు.

డిసెంబరులో ఆ సరుకంతా అమ్ముడైంది. రాబడి రూ. 2,35,000. ఖర్చు రూ. 15,000 పోగా చేతిలో మిగిలింది రూ. 2,20,000. ఫిఫో ప్రకారం సరుకు వ్యయం రూ. 2,00,000 కనుక లాభం రూ. 20,000. అంటే అనుకున్నట్లే క్వింటాలుకు రూ. 200 లాభం వచ్చినట్లు పుస్తకం చెబుతుంది. ధర మార్చవలసిన అవసరం ఎవరికీ కనిపించదు. అయితే ఈలోగా మొక్కజొన్న ధర రూ. 2,200కు చేరింది. మళ్లీ 100 క్వింటాళ్లు కొనేసరికి చేతిలోని రూ. 2,20,000 పూర్తిగా ఖర్చయింది.

జనవరిలో ఆ సరుకు కూడా రూ. 2,350 చొప్పుననే అమ్ముడైంది. ఖర్చులు పోగా మళ్లీ రూ. 2,20,000 చేతికి వచ్చింది. ఇప్పుడు మొక్కజొన్న ధర రూ. 2,400. నిల్వ నింపడానికి రూ. 2,40,000 కావాలి. కొరవడిన రూ. 20,000 అప్పు తేవలసి వచ్చింది. జనవరి సరుకు వ్యయం రూ. 2,20,000 కనుక ఆ నెల పుస్తక లాభం సున్నా.

రెండు నెలలకు కలిపి పుస్తకం చూపే లాభం రూ. 20,000. వాస్తవంగా సంస్థ వద్ద మొదట్లో ఉన్న 100 క్వింటాళ్లే ఇప్పుడూ ఉన్నాయి, వాటితో పాటు రూ. 20,000 అప్పు కూడా చేరింది.

లాభంలో కలిసిన రెండు భాగాలు

అమ్మిన సరుకును తిరిగి కొనే ధర వద్ద లెక్కిస్తే చిత్రం స్పష్టమవుతుంది. డిసెంబరులో ఆ వ్యయం రూ. 2,20,000, జనవరిలో రూ. 2,40,000. రెండు నెలల మొత్తం రూ. 4,60,000. మర, రవాణా ఖర్చు రూ. 30,000 కలిపితే రూ. 4,90,000 అవుతుంది. రాబడి రూ. 4,70,000 మాత్రమే. రవ్వ తయారీ వ్యాపారంలో వచ్చింది రూ. 20,000 నష్టం. సరుకు గోదాములో ఉండగా ధర పెరగడం వల్ల కలిగిన నిల్వ లాభం రూ. 40,000. పుస్తకంలోని రూ. 20,000 లాభం ఈ రెండింటి నికర ఫలితం.

నిల్వ లాభం అబద్ధం కాదు. తక్కువ ధరకు ముందుగా కొనడం వల్ల సంస్థకు నిజంగా మేలు జరిగింది. కానీ వ్యాపారాన్ని అదే స్థాయిలో కొనసాగించాలంటే ఆ మొత్తమంతా తిరిగి నిల్వలోకే వెళుతుంది. దానిని పంచదగిన లాభంగా భావించి సభ్యులకు రూ. 20,000 బోనస్ ఇస్తే, అప్పు రూ. 40,000కు పెరుగుతుంది.

ధర నిర్ణయంపై ప్రభావం

ఈ ఉదాహరణలో అన్నిటికంటే గమనించదగినది హెచ్చరిక ఆలస్యంగా రావడం. డిసెంబరులోనే అసలు లాభం సున్నా. పుస్తకం దానిని జనవరిలో చూపింది. జనవరిలో నష్టం వచ్చినప్పుడు పుస్తకం ‘లాభమూ లేదు, నష్టమూ లేదు’ అన్నది. నిల్వ ఎంతకాలం గోదాములో ఉంటుందో, సంకేతం దాదాపు అంతకాలం వెనుకబడుతుంది. వారానికొకసారి సరుకు మారే దుకాణంలో ఈ తేడా స్వల్పం. పంట కాలంలో కొని నాలుగైదు నెలలు నిల్వ చేసే సంస్థలో ఇది పెద్దది.

క్వింటాలుకు రూ. 100 లాభం చాలనుకున్నా, జనవరిలో ఫిఫో వ్యయాన్ని బట్టి ధర రూ. 2,450 అవుతుంది. తిరిగి కొనే ధరను బట్టి అది రూ. 2,650. మార్కెట్ రూ. 2,650 ఇవ్వకపోతే ధర పెంచడం సాధ్యం కాదు. అప్పుడు రవ్వ తయారీని తగ్గించాలా, గింజను అలాగే అమ్మాలా అన్న ప్రశ్న ముందుకు వస్తుంది. జనవరిలో శుద్ధి చేసిన రవ్వ రూ. 2,350కు వెళుతుండగా ముడి గింజ కొనుగోలు ధరే రూ. 2,400గా ఉంది. ఫిఫో లాభాన్ని మాత్రమే చూసేవారికి ఈ ప్రశ్నే తోచదు.

పద్ధతి మార్చితే సరిపోతుందా?

మూడు నెలల కొనుగోళ్ల సగటు తీసుకుంటే క్వింటాలు వ్యయం రూ. 2,200. అమ్మిన 200 క్వింటాళ్ల వ్యయం రూ. 4,40,000. అప్పుడు పుస్తక లాభం సున్నా అవుతుంది. ఫిఫో కంటే ఇది వాస్తవానికి దగ్గర, అయినా రూ. 20,000 నష్టం ఇంకా కనిపించదు. చివర కొన్నది ముందు అమ్ముడైనట్లు భావించే లిఫో పద్ధతిని భారత అకౌంటింగ్ ప్రమాణం 2 అనుమతించదు. కనుక చట్టబద్ధ లెక్కలను ఫిఫోలోనే ఉంచి, ధర నిర్ణయానికి వేరొక పట్టిక రాసుకోవడం ఆచరణ సాధ్యం.

ఆ పట్టికకు ప్రతి నెలా మూడు అంకెలు చాలు: అమ్మిన పరిమాణం, దాని పుస్తక ధర, అమ్మిన నాటి కొనుగోలు ధర. చివరి అంకెలో మార్కెట్ యార్డు ధరతో పాటు హమాలీ, రవాణా కూడా చేర్చాలి. రెండు ధరల తేడాను పరిమాణంతో గుణిస్తే నిల్వ లాభం వస్తుంది. దానిని పుస్తక లాభం నుంచి తీసివేయగా మిగిలేదే వ్యాపార లాభం. నిల్వ పరిమాణం మారకుండా దాని విలువ పెరగడం, లాభం ఉన్నా సరుకు అప్పు పెరగడం ఈ పరీక్ష అవసరమని తెలిపే గుర్తులు.

ధరలు పడిపోతున్నప్పుడు ఇదంతా తలకిందులవుతుంది. పాత అధిక ధర వ్యయంగా రావడం వల్ల ఫిఫో లాభాన్ని తగ్గించి చూపుతుంది. నిల్వను కొన్న ధర, నికర అమ్మకపు విలువలలో తక్కువైన దానికి లెక్కించాలన్న నియమం కూడా అప్పుడు వర్తించవచ్చు. ఆ సమయంలో పుస్తక వ్యయాన్నే పట్టుకుని ధర తగ్గించకపోతే కొనుగోలుదారులు చేజారుతారు. ధర ఏ దిశలో కదిలినా, అమ్మకపు ధరకు ఆధారం సరుకును తిరిగి కొనడానికి అయ్యే వ్యయమే కావాలి.