మేనేజర్ రెజ్యూమెలో టీమ్ ఎక్కడ?

పదేళ్లు కోడింగ్ చేసి ఇంజనీరింగ్ మేనేజర్లయిన వాళ్ల రెజ్యూమెలు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. జావా, కాఫ్కా, ఏడబ్ల్యూఎస్ అంటూ మొదటి పేజీ నిండిపోతుంది. 'ఎనిమిది మంది టీమ్‌ను నడిపాను' అన్న ముక్క ఎక్కడో అడుగున ఉంటుంది. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఎక్కువ ప్రశ్నలడిగేది దాని మీదే.

మంచి మేనేజర్ల లక్షణాలేమిటో తేల్చడానికి గూగుల్ గతంలో తన ఉద్యోగుల మధ్యే 'ప్రాజెక్ట్ ఆక్సిజన్' పేరుతో అధ్యయనం చేసింది. తేలిన ఎనిమిది లక్షణాల్లో మంచి కోచ్‌గా ఉండటం మొదటిది, సాంకేతిక నైపుణ్యం చివరిది. అంటే అది అక్కర్లేదని కాదు, దానితోనే సరిపోదని.

హైదరాబాద్‌లో పేమెంట్స్ టీమ్‌ను చూసే ఒక మేనేజర్‌ను ఊహించుకుందాం. 'ఆరుగురిని నియమించాను' అని రాస్తే ఆమె పనేమిటో తెలియదు. మన ఐటీలో నోటీస్ పీరియడ్ చాలాచోట్ల తొంభై రోజులు. ఆలోగా ఇంకో ఆఫర్ వస్తే అభ్యర్థి అటు వెళ్లిపోతాడు. అందుకే 'ఎనిమిది ఆఫర్లిచ్చాం, ఆరుగురు చేరారు, ఏడాది తర్వాత ఐదుగురు ఉన్నారు. నోటీస్ కాలంలో ప్రతి అభ్యర్థితో టీమ్‌లో ఒకరు మాట్లాడుతూ ఉండేలా చూశాను' అని రాయాలి. అప్పుడు అంకెతో పాటు దాని వెనకున్న పనీ తెలుస్తుంది.

మెంటరింగ్ సంగతీ అంతే. 'జూనియర్లకు మార్గదర్శనం చేశాను' అని ఎవరైనా రాయగలరు. మొదట్లో ప్రతి రిలీజూ తన చేతుల మీదుగానే జరిగేదని, ఇద్దరు జూనియర్లను మొదట పక్కన కూర్చోబెట్టుకుని, తర్వాత వాళ్లతోనే చేయించి, చివరికి తాను సెలవులో ఉన్నా పని ఆగని స్థితికి తెచ్చానని రాస్తే నమ్మకం కుదురుతుంది. పేర్లు అక్కర్లేదు.

టీమ్ ఫలితాల దగ్గర ఒక జాగ్రత్త ఉంది. 'నెలకోసారి జరిగే రిలీజ్ వారానికోసారి అయింది' అన్నంత మాత్రాన మెచ్చుకోలేం. తొందరలో బగ్‌లు పెరిగి ఉండొచ్చు. ఎన్ని రిలీజ్‌లను వెనక్కి తీసుకోవాల్సి వచ్చిందో కూడా పక్కనే చెప్పాలి. వేగం పెరిగి, వెనక్కి తీసుకున్నవి పెరగకపోతేనే అది మెరుగుదల. దానికి ఆటోమేషన్ టెస్టులు కారణమైతే, వాటిని రాసింది టీమ్ అనీ, అందుకోసం రెండు నెలలు కొత్త ఫీచర్లు ఆపించి పైవాళ్లను ఒప్పించింది తాననీ విడదీసి చెప్పడం నిజాయితీ.

ఉత్త మాటలు ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలకే బయటపడతాయి: 'వెళ్లిపోయిన ఆ ఒక్కరు ఎందుకు వెళ్లారు? ప్రమోషన్ ఇవ్వలేనని ఎవరికైనా ఎలా చెప్పారు?' టీమ్‌ను నిజంగా నడిపినవాళ్ల దగ్గర వీటికి వివరాలుంటాయి. రెజ్యూమె రాసేముందే ఈ రెంటికీ జవాబులు కాగితం మీద పెట్టుకుంటే, పైన ఏం రాయాలో వాటిలోంచే దొరుకుతుంది.